దెబ్బలేవి బిడ్డా అని అడిగారు

పోయిన దసరా వెళ్లిన పది రోజులకు మా చిన్నమ్మ వాళ్లింట్లో పంచాయితీ జరిగింది. నర్సంపేట వైపు ఊరు. వేపచెట్టు కింద కుర్చీలు వేశారు, అటువైపు వాళ్లు నలుగురు, మా వైపు వాళ్లు ముగ్గురు, ఒక పక్కన చాప మీద మా చెల్లె, అంటే చిన్నమ్మ బిడ్డ. ఆమె భర్త కూడా అక్కడే కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. చాలాసేపు ఎవరి మాట వాళ్లు చెప్పుకున్నాక, ఊళ్లో నలుగురికీ మంచి చేసే పెద్దమనిషే ఒకాయన, నిజంగా ప్రేమగానే అడిగాడు: "గొంతు పట్టిండు అంటున్నవు గదా, దెబ్బలేవి బిడ్డా, సూపెట్టు."

చెల్లె చున్నీ పక్కకు జరిపింది. మెడ మీద ఏమీ లేదు. గీత లేదు, కమిలిన మచ్చ లేదు. అక్కడున్న అందరి మొహాలూ ఒక్కసారిగా తేలికపడటం నేను చూశాను. ఆ తర్వాత అరగంటలో అంతా అయిపోయింది. మనిషి మంచోడే, కోపం జెర ఎక్కువ, నాలుగు రోజులు పుట్టింట్లో ఉంటే ఆయనే చల్లబడతాడు, తర్వాత పంపించండి అన్నారు. చాయ్ తాగి లేచారు.

నేను అక్కడే ఉన్నాను, నోరు తెరవలేదు. ఐదేళ్లుగా న్యాయ సేవల వాళ్ల దగ్గర వాలంటీరుగా పనిచేస్తున్నాను, ఇలాంటి అర్జీలు ఎన్నో రాసిపెట్టాను, అయినా మా ఇంటి పంచాయితీలో మా మేనమామల ముందు మాట రాలేదు. అప్పుడు చెప్పాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను. చెల్లె ఇదంతా చదివి, పేరూ ఊరూ లేకుండా పెట్టుకోమన్న తర్వాతే రాస్తున్నాను.

నా అభిప్రాయం ఇది. మొగుడి కోపం ఎంత ప్రమాదకరమో దెబ్బను చూసి కొలవడం మన పెద్ద తప్పు. రక్తం కారిన గొడవ కంటే మచ్చ పడని గొడవ ప్రాణానికి దగ్గరగా ఉండొచ్చు.

మలీద మింగలేకపోయింది

నిజానికి మాకు సద్దుల బతుకమ్మ నాడే తెలియాల్సింది. చెల్లెది మంచి గొంతు. చిన్నప్పటి నుంచి వాడకట్టులో పాట ఎత్తుకునేది ఆమే, మిగతావాళ్లం అందుకునేవాళ్లం. ఆ రోజు చప్పట్లు కొడుతూ తిరిగింది గానీ పాడలేదు. "ఏమైందే?" అంటే జలుబు చేసింది అక్కా అంది, గొంతు బొంగురుగా గాలి పోయినట్టు వచ్చింది. బతుకమ్మను సాగనంపి చెరువు గట్టు మీద కూర్చుని మలీద ముద్దలు పంచుకుంటుంటే తనకు ఇచ్చింది చిన్న ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది, మింగబోయి మొహం చిట్లించి, పక్కకు తిరిగి చేతిలోకి ఉమ్మి, కొంగు చాటున పారేసింది. నేను చూశాను. జలుబే అనుకున్నాను.

దానికి మూడు రోజుల ముందు అతను ఆమెను గోడకు ఆనించి ఒక చేత్తో గొంతు పట్టి నొక్కాడు. కళ్ల ముందు చీకటి వచ్చింది, తర్వాత ఏమైందో గుర్తులేదు, లేచేసరికి కింద కూర్చుని ఉంది, చీర తడిసి ఉంది. మూత్రం పోయిందని నాతో చెప్పడానికి ఆమెకు రెండు వారాలు పట్టింది. ఆసుపత్రికి వెళ్లింది కూడా, గొంతు నొప్పి అని చెప్తే నొప్పి మాత్రలు, సిరప్ ఇచ్చి పంపారు. వాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు.

గొంతు నొక్కితే ఏమవుతుందో మనకు సరిగ్గా తెలియదు. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు పైపైనే ఉంటాయి. వాటిని గట్టిగా నొక్కితే సుమారు 10 సెకన్లలో స్పృహ తప్పుతుంది, అలాగే పట్టుకుంటే నిమిషాల్లో ప్రాణం పోతుంది. దీనికి కత్తి అక్కర్లేదు, బలమైన మనిషి కూడా అక్కర్లేదు. మచ్చ పడాలని కూడా లేదు. అమెరికాలోని శాన్ డియేగోలో ఇలాంటి 300 పోలీసు కేసులను పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు, అందులో సగం మంది మెడ మీద కంటికి కనిపించే గుర్తే లేదు. గుర్తులు వేరేచోట ఉంటాయి: గొంతు మారిపోవడం, మింగుడు పడకపోవడం, కళ్లలో, కనురెప్పల లోపల సూదిమొనంత ఎర్ర చుక్కలు, ఆ కాసేపు జరిగింది గుర్తులేకపోవడం, తెలియకుండా మూత్రం పోవడం. చెల్లెకు ఎర్ర చుక్కలు తప్ప మిగతావన్నీ ఉన్నాయి, చుక్కలు కూడా ఉన్నాయేమో ఎవరూ చూడలేదు. నాళం లోపలి పొర చిరిగితే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావొచ్చు. అందుకే గొంతు మీద చెయ్యి పడితే, లేచి మామూలుగా తిరుగుతున్నా సరే, ఆసుపత్రికి వెళ్లి "గొంతు నొప్పి" అని కాకుండా "నా గొంతు నొక్కారు" అని ఆ మాటే చెప్పాలి. అప్పుడే డాక్టరు మెడ స్కానింగ్ సంగతి ఆలోచిస్తాడు, అప్పుడే మెడికో లీగల్ కేసుగా కాగితం మీదికి వస్తుంది.

ఇంకో విషయం. 2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, అంతకుముందు ఒక్కసారైనా గొంతు నొక్కిన మనిషి చేతిలో ఆ స్త్రీపై హత్యాయత్నం జరిగే అవకాశం ఆరు రెట్లకు పైగా, హత్య జరిగే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. గొంతు నొక్కిన ప్రతివాడూ చంపుతాడని కాదు, చాలామంది చంపరు. కానీ చెంపదెబ్బనూ దీన్నీ ఒకే గాటన కట్టి "చేయి చేసుకున్నాడు" అనకూడదు. చంపగలనని ఆమెకు చేసి చూపించడం అది.

కోపమా, భయమా

ఇక్కడ నా అనుమానాలు కూడా రాయాలి. మా నాయిన బాగా కోపిష్టి. అన్నంలో రాయి తగిలితే కంచం విసిరేసేవాడు, ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచేవాడు. కానీ మా అవ్వ ఆయనకు భయపడటం నేనెప్పుడూ చూడలేదు, ఎదురు తిట్టి, పక్కింటికి పోయి ముచ్చట్లు పెట్టుకుని వచ్చేది. అలాంటి ఇంటిని హింస అని పోలీసుల దాకా తీసుకెళ్లాలా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే అవును అనలేను. కంచం విసరడం మంచిదని కాదు. కానీ ఆ ఇంట్లో అవ్వ తన మాట, తన డబ్బులు, తన రాకపోకలు వదులుకోలేదు.

చెల్లె ఇంట్లో తేడా ఏమిటంటే అరుపులే తక్కువ. వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒకటి గమనించాను, దాని అర్థం అప్పుడు తెలియలేదు. సాయంత్రం ఆరు దాటాక బండి చప్పుడు వినిపించగానే చెల్లె టీవీ సౌండు తగ్గించింది, చెప్పులు సర్దింది, ఫోను తీసి అతను కూర్చునే కుర్చీ పక్కన పెట్టింది. ఏడేళ్ల కొడుకు ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి పోయాడు. అతను వచ్చాడు, నన్ను "బాగున్నరా వదినె" అని నవ్వుతూ పలకరించాడు. మర్యాదస్తుడు. ఎరువుల దుకాణంలో అప్పు పెరిగినా అక్కడ గొంతు లేపడు, సావుకారి ముందు కోపం రాదు, పత్తి తడిసిందని రేటు తగ్గించినా అక్కడ కోపం రాదు. ఆ కోపం ఇంటికి వచ్చేదాకా ఆగుతుంది, ఒకే మనిషి మీద పడుతుంది. చేతిలో లేని కోపమైతే అలా ఆగదు కదా.

తాగి కొట్టాడు, అప్పుల టెన్షన్ అంటారు. రెండూ నిజమే. వాటికి వైద్యమూ సాయమూ ఉండాలని నేనూ అంటాను. కానీ అవి అతనికి ఏమైందో చెప్తాయి, ఈమెకు ఏమవుతుందో చెప్పవు.

చుట్టుపక్కల వాళ్లను అడిగితే తెలుస్తుందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సరైనదే అని తెలంగాణలో దాదాపు 84 శాతం ఆడవాళ్లు చెప్పారు. చెల్లె తన అత్తనూ తోడికోడలినీ అడిగి, ఇది మామూలేనని నిర్ధారించుకుంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకు తెలిసిన లెక్క అదే.

గోడ మీది క్యాలెండరు

పంచాయితీ అయిన రాత్రి డాబా మీద ఇద్దరమే పడుకున్నాం. మరుసటి రోజు పొద్దున గోడకున్న క్యాలెండరు దింపి ముందు పెట్టుకున్నాం. ఇది నా తెలివి కాదు. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ 1980లలో తయారుచేసిన పద్ధతి, ఇరవై ప్రశ్నలుంటాయి, వాటికంటే ముందు ఏడాది క్యాలెండరు ఇచ్చి గొడవ జరిగిన రోజులు గుర్తుపెట్టమంటారు. ప్రతి రోజు పక్కన అది ఎంత తీవ్రమో ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయాలి. చెంపదెబ్బ, తోపులాట ఒకటి. ఆయుధంతో గాయం ఐదు. మధ్యలో మిగతావి.

మన ఇళ్లలో తేదీలు గుర్తుండవు, తిథులూ పనులూ గుర్తుంటాయి. శివరాత్రి జాగారం మరునాడు ఒకటి, విత్తనాలు పెట్టిన వారంలో ఒకటి, బోనాలప్పుడు ఒకటి. చెల్లె మొదట "ఏడాదికి మూడు నాలుగు సార్లు అక్కా" అంది. పెన్ను పట్టుకున్నాక పదకొండు వచ్చాయి. ఉగాది దాకా రెండే, రెండూ ఒకటి అంకె. ఆషాఢం నుంచి నెలకు రెండు. భాద్రపదంలో నాలుగు, అందులో ఒకసారి గొడ్డలి తెచ్చి మంచం పక్కన పెట్టుకుని పడుకున్నాడట, కొట్టలేదు. కొట్టలేదు కాబట్టి దాన్ని లెక్కలో వేయాలా అని అడిగింది. చివరిది గొంతు. పేజీలు తిప్పుతుంటే తనే ఆగి "దగ్గరపడుతున్నయ్ గదక్కా" అంది. నేనేమీ అనలేదు.

ఆ తర్వాత ప్రశ్నలు. చంపుతానన్నాడా? అన్నాడు, పురుగుల మందు డబ్బా చూపించి, నీకింత పోసి నేనింత తాగుతా అన్నాడు. ఇందులో రెండు ప్రశ్నలకు జవాబు ఉంది, తాను చస్తాననే మాట కూడా ప్రమాద సూచనల్లో ఒకటి, మనమేమో దాన్ని జాలిగా చూస్తాం. రోజువారీ పనులన్నీ అతని చెప్పుచేతల్లోనేనా? ఫోను, డబ్బులు, ఎవరితో మాట్లాడాలన్నదీ. అనుమానమా? అవును. ఇష్టం లేకుండా పడుకోమని బలవంతం చేశాడా? జవాబు చెప్పలేదు, తల ఊపింది. కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? ఒకసారి.

ఆ జాబితాలో తుపాకి ఉందా అనే ప్రశ్న ఉంటుంది, వాళ్ల దేశానికి అది ముఖ్యం. మన పత్తి రైతు ఇంట్లో ఆ ప్రశ్న పురుగుల మందు ఎక్కడ పెడతారు, బండికి పెట్రోలు సీసాలో తెచ్చి పెడతాడా, గొడ్డలి, కొడవలి ఎక్కడ ఉంటాయి అని మారాలి. ఇలా మార్చినదాన్ని శాస్త్రం అనలేను, మా సొంత తెలివి మాత్రమే. అందుకే మార్కులు కూడి చివర్లో ఒక అంకె చెప్పలేదు. అంకె తక్కువ వస్తే క్షేమం అనుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇంకో ప్రశ్న, అతను నిన్ను చంపగలడని నీకు అనిపిస్తుందా? చెల్లె "లేదక్కా, అంత దూరం పోడు" అంది. ఇక్కడ ఒకటి తెలిసుండాలి. చావు అంచుదాకా వెళ్లిన వాళ్ల మీద, చనిపోయిన వాళ్ల మీద చేసిన పరిశోధనల్లో దాదాపు సగం మంది ముందే అంత ప్రమాదం ఊహించలేదు. కాబట్టి "చంపుతాడు" అని ఒక ఆడమనిషి అంటే నమ్మాలి, "చంపడు" అంటే మాత్రం దాన్నే రుజువుగా తీసుకోకూడదు.

నాలుగు రోజులు పుట్టింట్లో

పెద్దమనుషులు చెప్పిన పరిష్కారం, నాలుగు రోజులు పుట్టింట్లో ఉంచి భయపెట్టడం, మంచి ఉద్దేశంతో చెప్పిందే. కానీ ఇలాంటి మనిషి దగ్గర అత్యంత ప్రమాదకరమైన కాలం భార్య వెళ్లిపోతుందని తెలిసినప్పుడు, వెళ్లిపోయిన తర్వాతి నెలల్లోనే. ఆమె మీద పట్టు పోతుందనే భయం అప్పుడే ఎక్కువ. "ఇంకోసారి చెయ్యి వేస్తే బిడ్డను తీసుకుపోతాం" అని అతని ముందే చెప్పడం, ఆ తర్వాత ఆమెను అదే ఇంటికి పంపడం, రెండూ కలిస్తే ఎంత చెడ్డదో పంచాయితీలో ఎవరూ ఆలోచించలేదు.

క్యాలెండరు ముందు పెట్టుకున్న రోజే నేను వద్దన్నాను, తిరిగి వెళ్లకు అన్నాను. చెల్లె వినలేదు. కొడుకు అక్కడి బడిలో ఉన్నాడు, సర్టిఫికెట్లు అక్కడే ఉన్నాయి, ఇప్పుడు పోకపోతే ఆ రాత్రే వచ్చి అవ్వ మీద పడతాడు అంది. నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ప్రాణం కాపాడుకున్నది ఆమే, అతని మూడ్ నాకంటే ఆమెకే తెలుసు. అందుకని వెళ్లడం మీద వాదన ఆపి, అక్కడ ఉన్నన్ని రోజులు ఎలా, బయటికి రావడం ఎలా అని కూర్చున్నాం.

ఉన్నన్ని రోజులకు: గొడవ మొదలైతే వంటింట్లోకి పోవద్దు, అక్కడ కత్తిపీట, గ్యాసు ఉంటాయి. మందు డబ్బాలుండే కొట్టం వైపు పోవద్దు. వీధి తలుపుకు దగ్గరగా ముందు గదిలో ఉండాలి. కొడుకు మధ్యలో రావద్దు, పక్కింటి ముసలమ్మ దగ్గరికి పరుగెత్తాలి, ఆమెకు ముందే చెప్పాలి. మా ఇద్దరి మధ్య ఒక మాట పెట్టుకున్నాం, ఫోనులో "మలీద చేసినవా అక్కా" అంటే వెంటనే 112కి నేను ఫోన్ చేయాలి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఆమె తన ఫోన్ నుంచి చేయొద్దు, కాల్ లిస్టు అతను చూస్తాడు, నేనే చేసి వివరాలు చెప్పి పెట్టాను. ఆమె ఫోన్లో మ్యాప్‌లో లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉంది, వెంటనే తీసేద్దామనుకున్నాను, ఆగాం. తీసేస్తే అతనికి తెలుస్తుంది. వెళ్లే రోజు ఆ ఫోనే ఇంట్లో వదిలేయాలని నిర్ణయించాం.

రెండున్నర నెలల్లో ఒక్కో కాగితం బయటికి వచ్చింది. పిల్లవాడి జనన ధ్రువపత్రం, ఆధార్లు, ఆమె పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం. ప్రతి సోమవారం సంతకు వచ్చినప్పుడు కూరగాయల సంచిలో ఒకటో రెండో. బంగారం ముట్టుకోలేదు, అతను లెక్కపెడతాడు.

సంక్రాంతికి ముందు అతను పత్తి బస్తాలు వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు బయలుదేరిన రోజు ఆమె వచ్చేసింది. కాంటా అయి డబ్బు చేతికి వచ్చేసరికి సాయంత్రమవుతుందని తెలుసు. నర్సంపేటలో బస్సెక్కితే తెలిసినవాళ్లు చూస్తారని ఆటోలో వేరే స్టేజీ దాకా వచ్చి, హన్మకొండలో దిగి నేరుగా హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రానికి వెళ్లింది, మా ఇంటికి రాలేదు, ఎందుకంటే అతను మొదట వెతికేది మా ఇల్లే. అలాగే వెతికాడు, రాత్రి తొమ్మిదింటికి గేటు దగ్గర నిలబడ్డాడు. సఖిలో ఐదు రోజుల వరకు ఉండనిస్తారు. ఈలోగా రక్షణ అధికారి దగ్గర గృహ హింస నివేదిక రాయించాం. 2005 గృహ హింస చట్టం కింద దెబ్బ చూపించాల్సిన పని లేదు, బెదిరింపు, డబ్బు ఆపడం కూడా హింసే. ఆ చట్టం నియమాల్లో భద్రతా ప్రణాళిక అని ఒక ఫారం ఉంది, ఐదో ఫారం. హింస ఏమిటి, ఆమె దేనికి భయపడుతోంది, ఏం రక్షణ కావాలి అని గడులుంటాయి. అది నింపమని అడగండి, అడగకపోతే చాలాసార్లు ఖాళీగానే ఉండిపోతుంది. "భయపడుతున్న విషయం" అన్న గడిలో గొడ్డలి రాత్రి, గొంతు, మందు డబ్బా, మూడూ రాయించాం. క్యాలెండరు జిరాక్సు జతచేశాం. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, లాయరు ఖర్చు లేదు.

ఇద్దర్నీ ఎదురెదురుగా

మధ్యలో ఒక ఆఫీసులో ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేద్దామన్నారు. కాపురం నిలబెట్టాలనే తాపత్రయం నాకు అర్థమవుతుంది, ఇద్దరూ సమానంగా గొడవపడే చోట అది పనికొస్తుంది కూడా. కానీ గొంతు నొక్కిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే "అమ్మా, నీకేం కష్టం?" అన్న ప్రశ్నకు నిజమైన జవాబు రాదు. వేపచెట్టు కింద చెల్లె సగమే చెప్పింది ఎందుకు? అతను అక్కడే ఉన్నాడు కాబట్టి. ఆ రాత్రి డాబా మీద మిగతా సగం చెప్పింది ఎందుకు? అతను లేడు కాబట్టి. మేం విడివిడిగా అడగమని రాతపూర్వకంగా కోరాం, ఒప్పుకున్నారు.

అర్జీ కోర్టుకు అందాక మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో ఉండాలని చట్టంలో ఉంది. మాకు మధ్యంతర ఉత్తర్వు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఇంటికీ బడికీ దగ్గరికి రాకూడదని అందులో ఉంది, ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. కాగితం గోడ కాదు, అది నాకు తెలుసు. బడి ఆయమ్మకు ఒక కాపీ, ఇంటి ఓనరుకు ఒక కాపీ, పోలీస్ స్టేషన్లో ఒకటి ఇచ్చాం, పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించాలో పేర్లు రాసిచ్చాం.

ఇప్పుడు చెల్లె, చిన్నమ్మ, పిల్లవాడు హన్మకొండలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. కుట్టుమిషన్ పని దొరికింది. కేసు నడుస్తోంది. పెద్దమనుషుల్లో ఒకాయన మొన్న ఫోన్ చేసి మళ్లీ కూర్చుందామా అన్నాడు, ఆమె లేకుండా, ఆయనా నేనూ మాట్లాడుకుందాం అన్నాను, ఇంకా తేదీ చెప్పలేదు. గదిలో గోడకు కొత్త క్యాలెండరు ఉంది. తెల్లగా ఉన్న నెలలే ఎక్కువ, రెండు చోట్ల మాత్రం గుండ్రంగా గీత ఉంది, ఒకటి వీధి చివర అతని బండి కనిపించిన రోజు, ఇంకోటి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి ఎవరూ మాట్లాడని రోజు. రెండింటి పక్కనా టైము రాసింది.